ఏడుకి అడ్డంగా ఒక గీత

మా ఇంట్లో ఏ వస్తువు వెనక్కి తిప్పి చూసినా ఒక తేదీ ఉంటుంది. గోడ గడియారం వెనక, టార్చిలైటు అడుగున, ఇస్త్రీ పెట్టె పిడి లోపలి వైపు, నీళ్ల మోటారు మూత మీద. అన్నీ నాన్న చేతిరాతే. దెబ్బలకు వేసే తెల్లటి గుడ్డ ప్లాస్టర్‌ని వేలెడు కత్తిరించి, దాని మీద నీలం బాల్‌పెన్నుతో వస్తువు కొన్న రోజో, బ్యాటరీ మార్చిన రోజో రాసి అంటిస్తాడు. మామూలు టేపు మీద రాస్తే చెయ్యి తగలగానే చెరిగిపోతుంది. గుడ్డ ప్లాస్టర్ అయితే ఇంకును పీల్చుకుంటుంది. చిన్నప్పుడు నేను అడిగితే ఆ సంగతి చెప్పాడు. అసలు తేదీ ఎందుకు రాయడమని మాత్రం నేను అడగలేదు. అందరి ఇళ్లలోనూ రాస్తారనుకున్నాను.

2025 జూలై 17కి నాన్నకి అరవై ఏళ్లు నిండాయి. ఆ రోజు ఒక ఫోటో పెట్టి, దాని కింద నాలుగు మాటలు రాయాలనుకున్నాను. నాలుగు మాటలే. దానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఏమేం రాశానో, ఏమేం కొట్టేశానో ఇక్కడ చెబుతాను. నాన్న గురించి నాకు తెలియని కొన్ని సంగతులు ఆ కొట్టివేతల మధ్యనే తెలిశాయి.

మొదటి రోజు రాసింది ఇదీ: "నా మొదటి హీరో, నా ధైర్యం, నా బలం, నా సర్వస్వం. నీలాంటి నాన్న దొరకడం నా అదృష్టం. అరవై వసంతాలు పూర్తి చేసుకున్న మా నాన్నకి జన్మదిన శుభాకాంక్షలు." రాస్తున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం ఒక్క ముక్క లేదు. తమ్ముడికి పంపాను. పది నిమిషాలకు ఫోన్ చేశాడు.

"బాగుందక్కా. కానీ మా ఆఫీసులో పోయిన నెల ఒకతను వాళ్ల నాన్నకి పెట్టింది కూడా ఇదే."

"ఇదే అంటే?"

"ఇదే. వసంతాలతో సహా."

బాధేసింది. కాపీ కొట్టలేదు, మనసులోంచే రాశాను. మరి ఇంకొకరి మనసులోంచి కూడా అవే మాటలు ఎలా వచ్చాయి? ఆ రాత్రి మళ్లీ చదువుకున్నాను. మొదటి వాక్యంలోనే "నా" అనే మాట నాలుగుసార్లు వచ్చింది. అది నాన్న గురించి అనుకుని రాశాను గానీ, నిజానికి నా గురించి రాసుకున్నాను. దానికంటే పెద్ద లోపం ఇంకోటి కనిపించింది. మొత్తం రాతలో నాన్న చేసిన పని ఒక్కటీ లేదు. నాన్న చేసినట్టున్న క్రియ ఒక్కటే, "పూర్తి చేసుకున్న". అది కూడా నాన్న చేసింది కాదు, క్యాలెండర్ చేసింది. హీరో, బలం, ధైర్యం అన్నీ పేర్లే. వాటిలో ఎవరి నాన్ననైనా నిలబెట్టొచ్చు.

అప్పటి నుంచి రాసిన ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టుకున్నాను. నా రాతని తీసుకెళ్లి ఇంకొకరి నాన్న ఫోటో కింద పెడితే అతుకుతుందా? అతికితే కొట్టేయాలి.

రెండోది పెద్దదైంది. "నీ కోరికలు చంపుకుని మమ్మల్ని పెంచావు, చదివించావు, రాత్రీ పగలూ కష్టపడ్డావు, మా కోసమే బతికావు" అంటూ ఒక పేజీ సాగింది. ఈసారి క్రియలు దండిగా ఉన్నాయి. పొద్దున్నే లేచి చదివితే గుండె జారింది. పెంచావు, చదివించావు, కష్టపడ్డావు, బతికావు. అన్నీ భూతకాలమే. పక్క గదిలో రేడియో ట్యూన్ చేసుకుంటున్న మనిషి గురించి, ఆయన లేనప్పుడు రాయాల్సిన మాటలు రాశాను. అరవై అనే అంకె మనచేత అలా రాయిస్తుంది. యాభైకి ఎవరూ అలా రాయరు. అరవై రాగానే చెయ్యి తనంతట తానే లెక్కలు మూసేయడం మొదలుపెడుతుంది. "ఇక విశ్రాంతి తీసుకో నాన్నా" అనే మాట కూడా అలాంటిదే. ప్రేమతోనే అంటాం. వినేవాడికి మాత్రం నీ పని అయిపోయింది అన్నట్టు వినిపిస్తుంది.

అందులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కోరికలు చంపుకున్నాడని నాకెలా తెలుసు? నాన్న ఎప్పుడూ అలా చెప్పుకోలేదు. తన జీవితాన్ని తను త్యాగంగా చూసుకోని మనిషికి, పదిమంది ముందు త్యాగమూర్తి అని పేరు పెట్టే హక్కు నాకు లేదనిపించింది. అది కూడా కొట్టేశాను. ఒకటి మాత్రం మనసులో ఉంచుకున్నాను. ఏం రాసినా వర్తమానంలో రాయాలి, నాన్న ఇప్పటికీ చేస్తున్న పని గురించి రాయాలి.

ఇక నాన్ననే అడుగుదామని పక్కన కూర్చున్నాను. "నాన్నా, నీ జీవితంలో మర్చిపోలేని రోజేది?" అన్నాను.

"ఏముంటాయమ్మా" అన్నాడు. రేడియో వైపు చూశాడు. అంతే.

తప్పు నాదే. అంత పెద్ద ప్రశ్న వేస్తే ఎవరైనా ఏం చెబుతారు? మనిషి అరవై ఏళ్లలోంచి ఒక రోజును ఏరి చేతిలో పెట్టలేడు. పైగా ఆ ప్రశ్నలో, మర్యాదగా ఒక గొప్ప జవాబు చెప్పాలన్న బరువు కూడా ఉంటుంది. మర్నాడు టార్చిలైటు చేతిలో పట్టుకుని వెళ్లాను. దాని అడుగున ప్లాస్టర్ మీద తేదీలో ఏడు ఉంది. నాన్న ఏడు రాస్తే నడుమ అడ్డంగా చిన్న గీత పెడతాడు. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను.

"ఏడుకి ఈ గీత ఎందుకు పెడతావు నాన్నా?"

రేడియో కట్టేశాడు.

అరగంట మాట్లాడాడు. ఇరవై మూడేళ్ల వయసులో నాన్న ఒక గోదాములో సరుకు లెక్కలు రాసే పనిలో చేరాడు. అప్పట్లో ఒకటి రాసేటప్పుడు పైన కొక్కెం కాస్త పొడుగ్గా లాగేవాడట. ఒకరోజు పదకొండు పెట్టెలు వస్తే 11 అని చీటీ మీద రాశాడు. చీటీలోంచి పుస్తకంలోకి ఎక్కించిన మనిషి రెండో ఒకటిని ఏడుగా చదివి 17 వేశాడు. నెలాఖరుకి లెక్కపెడితే ఆరు పెట్టెలు తక్కువ. సంతకం నాన్నది. ఆ ఆరు పెట్టెల ఖరీదు మూడు నెలల పాటు జీతంలోంచి కోసుకున్నారు. తర్వాత చీటీ దొరికింది, పొరపాటు ఎక్కడ జరిగిందో తేలింది. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

"అప్పటి నుంచి ఏడుకి గీత పెడుతున్నానమ్మా. గీత ఉంటే ఏడు. లేకపోతే ఒకటి. ఎవరూ పొరబడడానికి ఉండదు."

"మరి తేదీలు?"

"అదీ అప్పుడే మొదలైంది. ఏది ఎప్పుడు వచ్చిందో రాసి ఉంటే ఎవరితోనూ వాదన ఉండదు కదా."

ముప్పై ఏడేళ్లుగా నాన్న రాసిన ప్రతి ఏడులోనూ ఆ గీత ఉంది. నా స్కూలు పుస్తకాల అట్టల మీద, ఫీజు రసీదుల వెనక, నేను మొదటిసారి హాస్టల్‌కి వెళ్లినప్పుడు సూట్‌కేసు మూత లోపల అంటించిన ముక్క మీద. ఆ సూట్‌కేసు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని లోపలి గుడ్డ మాసిపోయింది గానీ ప్లాస్టర్ మీది నీలం రంగు పోలేదు. తెరిచిన ప్రతిసారీ ఆ తేదీ చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా చదవలేదు.

ఎవరైనా నాన్న గురించి రాయాలని కూర్చుంటే నేను చెప్పగలిగింది ఇదొక్కటే. చేతులతో చేసే ఏదో ఒక చిన్న పని గురించి అడగండి. తాళం వేశాక రెండుసార్లు ఎందుకు లాగి చూస్తావు, పేపరు చివరి పేజీ నుంచి ఎందుకు మొదలుపెడతావు, చొక్కా జేబులో ఆ మడత కాగితం ఏమిటి. చిన్న ప్రశ్నకు నాన్నలు భయపడరు. దాని వెనకాలే ఒక్కోసారి సగం జీవితం బయటికొస్తుంది.

మూడోది ఆ రాత్రే రాశాను. ఇది చాలా బాగా వచ్చిందనుకున్నాను: "మా ఇంట్లో ప్రతి వస్తువు మీదా నాన్న తేదీ వేస్తాడు. ఈరోజు నాన్న మీద నేను వేస్తున్నాను: 17-7-1965." ఇంకెవరి నాన్నకీ అతకదు. వర్తమానంలో ఉంది. నాన్న చేసే పని ఉంది. చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. తమ్ముడికి పంపాను. ఈసారి కాసేపు ఏమీ అనలేదు.

"అక్కా, నాన్న బ్యాటరీ మీద తేదీ ఎందుకు వేస్తాడు?"

"ఎన్నాళ్లు వచ్చిందో తెలియడానికి."

"అంటే ఎప్పుడు అయిపోయిందో తెలియడానికి."

ఇద్దరం కాసేపు ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాం. వాక్యం అందంగా కుదిరిందన్న సంతోషంలో అది నాన్న చెవికి ఎలా వినిపిస్తుందో నేను ఆలోచించలేదు. అరవై నిండిన రోజున మనిషి మీద తేదీ వేయకూడదు. చమత్కారం వల్ల వచ్చే చిక్కు ఇదే. చదివేవాళ్లు మెచ్చుకునేది రాసినవాళ్ల తెలివిని. ఆ రోజు మెప్పు దక్కాల్సింది నాన్నకి. కొట్టేశాను. మిగతా అన్నిటికంటే దాన్ని కొట్టేయడమే కష్టమైంది.

నాలుగోసారి గోదాము కథంతా రాశాను. పదకొండు పెట్టెలు, చీటీ, మూడు నెలల జీతం, ఏడుకి గీత. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కి 2,200 క్యారెక్టర్ల వరకు చోటుంది, దాదాపు అంతా నింపేశాను. రాయడం అయ్యాక ఇంకో పరీక్ష పెట్టుకున్నాను. నాన్న పక్కన కూర్చుని దీన్ని పైకి చదవగలనా? చదవడం మొదలుపెట్టినట్టు ఊహించుకున్నాను. జీతం కోసుకున్నారన్న వాక్యం దగ్గర నాన్న ముఖం కనిపించింది. తలవంచుకుని చొక్కా గుండీ సర్దుకుంటున్నాడు. ఆ కథ నాన్న నాకు చెప్పాడు, ఊరందరికీ చెప్పలేదు. అప్పటి చుట్టాలు, కలిసి పనిచేసినవాళ్లు ఇప్పుడు నాన్న ఫోన్‌లో ఉన్నారు. వాళ్లు చదివి, "అయ్యో, అలా జరిగిందా" అని రాస్తే పుట్టినరోజు పొద్దున నాన్న వాళ్లకు జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి. మనసుకు దగ్గరగా రాయడమంటే లోపలి సంగతులన్నీ బయట పెట్టడం కాదు. డబ్బు, జబ్బు, అవమానం, ఈ మూడూ ఆయన అనుమతి లేకుండా రాయకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అనుమతి అడిగితే "నీ ఇష్టమమ్మా" అంటాడు. అది అనుమతి కాదని కూతురిగా నాకు తెలుసు.

అలా పుట్టినరోజు ముందు రోజు వచ్చేసింది. చేతిలో ఏమీ లేదు.

సాయంత్రం హాల్లో గోడ గడియారం పన్నెండు నిమిషాలు వెనకబడి ఉంది. మామూలుగా అయితే నాన్న ఎవరికీ చెప్పడు. స్టూలు వేసుకుని ఎక్కి, గడియారం దించి, బ్యాటరీ మార్చి, ప్లాస్టర్ కత్తిరించి, తేదీ రాసి, మళ్లీ తగిలించి దిగిపోతాడు. ఆ రోజు కూడా స్టూలు తెచ్చాడు. గడియారం కింద పెట్టాడు. దాని మీద ఒక చెయ్యి వేసి, పైకి చూస్తూ నిలబడ్డాడు. కుడి కాలు ఎత్తబోయి దించాడు. తర్వాత ఆ స్టూలును నా వైపు రెండడుగులు జరిపాడు.

ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఎక్కాను.

గడియారం కిందికి అందిస్తే పట్టుకున్నాడు. వెనక ప్లాస్టర్ ముక్క మీద 7-6-24 అని ఉంది. బ్యాటరీ తీసి కొత్తది వేశాను. నాన్న ప్లాస్టర్ చుట్ట, కత్తెర, నీలం పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టాడు. తను రాస్తాడనుకున్నాను. పెన్ను మూత తీసి నాకు ఇచ్చాడు. తర్వాత అమ్మ పిలిస్తే లోపలికి వెళ్లాడు.

గుడ్డ మీద రాయడం నేను అనుకున్నంత తేలిక కాదు. పెన్ను నేతలో చిక్కుకుని ఆగుతుంది. నొక్కి, నెమ్మదిగా, ఒక్కో అంకెగా రాయాలి. 16 రాశాను. గీత గీశాను. ఏడు రాశాను. చెయ్యి అక్కడ ఆగింది. నేను ఎప్పుడూ ఏడుకి గీత పెట్టను. కాసేపటికి పెట్టాను. తర్వాత 25 రాశాను. పాత ముక్కను ఊడదీసి జేబులో వేసుకుని, కొత్తది అంటించి, స్టూలెక్కి గడియారాన్ని తగిలించాను.

స్టూలు దిగేసరికి రాయాల్సింది నా చేతికి వచ్చేసింది.

"నాన్నా, గోడ గడియారం బ్యాటరీ మార్చాను. ప్లాస్టర్ మీద తేదీ వేశాను. ఏడుకి నీలాగే గీత పెట్టాను. ఇప్పుడు గడియారం సరిగ్గా నడుస్తోంది. అరవయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు."

ప్రేమ అనే మాట ఇందులో లేదు. త్యాగం లేదు, హీరో లేడు. మోకాలి సంగతి లేదు, స్టూలు సంగతి లేదు, గోదాము సంగతి లేదు. అవన్నీ తెలిసిన నలుగురికి ఆ "మార్చాను" అన్న మాటలోనే వినిపిస్తాయి. తెలియనివాళ్లకు ఒక కూతురు నాన్నకి ఇంటి సంగతి చెబుతున్నట్టు ఉంటుంది, అదీ నిజమే. గడియారం నడుస్తోందన్న వాక్యం తర్వాత మొదట ఇంకోటి కూడా రాశాను, "నీ టైమ్ ఎప్పుడూ ఇలాగే బాగుండాలి" అని. పడుకునే ముందు తీసేశాను. అది గడియారాన్ని పోలికగా మార్చేస్తోంది. నాన్నకి గడియారం అంటే గడియారమే.

శుభాకాంక్షలు ఎక్కడ పెట్టాలన్నది కూడా చాలాసేపు ఆలోచించాను. మొదట్లో పెడితే చదివేవాళ్ల కన్ను అక్కడే ఆగి, చెయ్యి లైక్ మీదకి వెళ్లిపోతుంది. పైగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెద్ద క్యాప్షన్ అయితే మొదటి నూట పాతిక క్యారెక్టర్లో ఎన్నో మాత్రమే కనిపించి, మిగతాది మడతలో దాక్కుంటుంది. మన లిపిలో ఆ చోటు ఇంకా తొందరగా అయిపోతుంది. "నాన్న" అంటే మన కంటికి రెండక్షరాలు, ఫోన్ మాత్రం గుణింతాన్నీ ఒత్తునూ విడిగా లెక్కేసి ఐదు అంటుంది. నా మొదటి వాక్యం కంటికి పద్నాలుగు అక్షరాలు, ఫోన్ లెక్కలో ఖాళీలు, కామా, చుక్కతో కలిపి 37. కాబట్టి గడియారం, బ్యాటరీ మడత పైనే ఉంటాయి. పుట్టినరోజున ఎవరైనా బ్యాటరీ గురించి రాస్తారా అనుకుని తెరిచి చదువుతారు. శుభాకాంక్షలు చివర్లో, అందరూ రాసే మామూలు మాటలతోనే ఉంచాను. పైన నాలుగు వాక్యాలు మా నాన్నవి మాత్రమే అయినప్పుడు, కింద ఒకటి అందరిదీ అయినా ఫర్వాలేదు.

మా అత్తకి ముందే చూపించాను. చదివి, "బాగుంది గానీ, పదిమంది చూసే చోట నాన్నని 'నీలాగే' అంటావా? 'మీలాగే' అని పెట్టు" అంది. మార్చి చూశాను. "ఏడుకి మీలాగే గీత పెట్టాను." వెంటనే ఎవరో మేష్టారితో మాట్లాడుతున్నట్టు అయిపోయింది. నాన్నని పుట్టినప్పటి నుంచి నువ్వు అనే పిలిచాను. కొన్ని ఇళ్లలో మీరు అంటారు, వాళ్లు మీరు అనే రాయాలి. ఇంట్లో పిలిచేదొకటి, రాసేదొకటి అయితే ఆ ఒక్క అక్షరం దగ్గరే రాత పరాయిదవుతుంది, చదివేవాళ్లకు ఎందుకో తెలియకపోయినా. అత్తకి సర్దిచెప్పి "నీలాగే" ఉంచాను.

ఫోటో విషయంలో కూడా మనసు మార్చుకున్నాను. ముందు అనుకున్నది కొత్త చొక్కాతో, కెమెరా వైపు చూస్తూ బిగుసుకుని ఉన్న ఫోటో. దాని బదులు, నాన్న ఎప్పుడో స్టూలెక్కి గడియారం వెనక తేదీ అంటిస్తుండగా తమ్ముడు తీసింది పెట్టాను. ముఖం సగమే కనిపిస్తుంది. కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. నోట్లో ప్లాస్టర్ ముక్క పట్టుకున్నాడు. ఫోటోలో నాన్న చేస్తున్న పనిని కింద మాటల్లో నేను చేశాను. ఫోటోలో కనిపించేదాన్నే మళ్లీ మాటల్లో చెప్పాల్సిన పని లేకపోయింది.

నా పోస్టు చదివిన ఒక స్నేహితుడు నాకు ఫోన్ చేసి, "మీకు చెప్పుకోవడానికి చాలా ఉంది. మా నాన్నకీ నాకూ మాటలే తక్కువ, నేనేం రాయను?" అన్నాడు. ఫోన్లో ఆయన ఏం మాట్లాడతాడని అడిగాను. "ఏమీ మాట్లాడడు. ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా అంటాడు, ఉందంటాను, పెట్టేస్తాడు. పదేళ్లుగా అంతే." తను చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. తర్వాతి నెల వాళ్ల నాన్న పుట్టినరోజుకి అతను రాసింది ఇంతే: "నాన్నా, ఫోన్‌లో ఛార్జింగ్ ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షలు." లేని దగ్గరితనాన్ని ఉన్నట్టు చూపించలేదు. ఉన్నది ఎంతో అంతే రాశాడు. నాకు తొమ్మిది రోజులు పట్టిన పనిని అతను రెండు వాక్యాల్లో చేశాడు.

మా నాన్న పుట్టినరోజు పొద్దున్నే పోస్టు పెట్టి, ఫోన్ నాన్న చేతికిచ్చాను. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఫోటోని వేళ్లతో పెద్దది చేసి కాసేపు చూశాడు. తర్వాత కింద చదివాడు, పెదాలు కదుపుతూ, నెమ్మదిగా. చదవడం అయ్యాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి గోడ గడియారం వైపు తల ఎత్తాడు. చేతి గడియారంతో పోల్చి చూసుకున్నాడు.

"పాత ముక్క పారేశావా?"

జేబులోంచి తీసి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని, ముడుచుకున్న అంచుల్ని బొటనవేలితో సాపు చేశాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"పదమూడు నెలల తొమ్మిది రోజులు వచ్చింది" అన్నాడు. "మంచి బ్యాటరీ."

తర్వాత ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకుని, "ఏదీ, ఒకసారి గడియారం దించు. గీత సరిగ్గా పెట్టావో లేదో చూద్దాం" అన్నాడు.